నాలుగు మూలకాలున్న ఫీల్డ్‌కి క్యారెక్టరిస్టిక్ 2 ఎందుకు, 4 ఎందుకు కాదు?

చిన్నశేషం
అందరికీ నమస్తే. సెమిస్టర్ పరీక్షకి చదువుతూ ఒక దగ్గర ఇరుక్కుపోయాను. F₂[x]/(x²+x+1) తీసుకుంటే అందులో 0, 1, x, x+1 అని నాలుగే మూలకాలు. x(x+1) = 1 అని చేత్తోనే వేసి చూశాను, సున్నా కాని ప్రతిదానికీ విలోమం ఉంది, కాబట్టి ఇది ఫీల్డే. కానీ Z/4 లో కూడా నాలుగే మూలకాలు, దాని క్యారెక్టరిస్టిక్ 4 అంటున్నారు, దీనిది మాత్రం 2 అంటున్నారు. నాలుగు ఉన్నప్పుడు 4 రావాలి కదా?

ఇంకోటి. డొమైన్ అయితే క్యారెక్టరిస్టిక్ సున్నా గానీ ప్రైమ్ గానీ అవుతుందనే సిద్ధాంతానికి మా నోట్సులో రుజువు మూడు లైన్లే ఉంది. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, నోట్సు మూసేస్తే డొమైన్ అన్న షరతు ఎక్కడ వాడారో చెప్పలేకపోతున్నా. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా కాస్త నెమ్మదిగా చెప్పండి.

సూటిగా
మూలకాలు ఎన్ని ఉన్నాయన్న దానితో పని లేదు బ్రో. 1 ని దానికే కలుపుకుంటూ పో, ఎన్నోసారికి సున్నా తగిలితే అదే క్యారెక్టరిస్టిక్. నీ ఫీల్డ్‌లో 1+1 = 0, అయిపోయింది, 2. Z/4 లో 1, 2, 3, 0, నాలుగోసారికి వచ్చింది. ఎప్పటికీ రాకపోతే 0 అంటారు.

రెండో ప్రశ్నకి షార్ట్‌కట్: ప్రైమ్ వస్తే డొమైన్, కాంపోజిట్ వస్తే కాదు. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

ఐగెన్‌వాసు
దీనికి ఇంత చర్చ ఎందుకండీ, డెట్ (A − λI) వేసి సున్నాకి సమానం చేస్తే క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ వచ్చేస్తుంది. మేట్రిక్స్ ఇవ్వండి, నేను వేసి పెడతాను.

ఐడియల్ మాస్టారు
వాసు గారూ, వాళ్ళు అడిగింది రింగ్ క్యారెక్టరిస్టిక్ గురించి, ఐగెన్ విలువల గురించి కాదు. అయినా మీరు మేట్రిక్స్ అన్నారు కాబట్టి దాన్ని కిందెక్కడో వాడుకుంటాను.

సూటిగా గారు మొదటి పేరాలో చెప్పింది సరైనదే. రెండో పేరా మాత్రం సగమే నిజం. కాంపోజిట్ వస్తే డొమైన్ కాదు, అది ఖాయం. ప్రైమ్ వచ్చినంత మాత్రాన డొమైన్ అయిపోదు. ఆ సంగతికి తర్వాత వద్దాం, ముందు శేషం అడిగిన రుజువు.

క్యారెక్టరిస్టిక్ n అనుకో, సున్నా కాదు. డొమైన్‌లో 1 వేరు, 0 వేరు, కాబట్టి n కనీసం 2. n ప్రైమ్ కాదంటే n = ab అని రాయొచ్చు, a, b రెండూ n కంటే చిన్నవి. 1 ని a సార్లు కలిపితే వచ్చే మూలకాన్ని a·1 అందాం. ఇప్పుడు (a·1)(b·1) లో బ్రాకెట్లు విప్పితే 1×1 అనే పదాలు మొత్తం ab వస్తాయి, అంటే n·1, అంటే సున్నా. ఇక్కడిదాకా డొమైన్ అన్న షరతు అవసరం పడలేదు చూడు, Z/4 లోనూ ఇంతే, 2×2 = 0 వచ్చింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు a·1 సున్నానా? కాదు, ఎందుకంటే n కంటే ముందు సున్నా తగలదు, n అంటేనే మొదటిసారి తగిలే చోటు. b·1 కూడా అలాగే. అంటే సున్నా కాని రెండింటిని గుణిస్తే సున్నా వచ్చింది. డొమైన్ ఒప్పుకోనిది సరిగ్గా ఇదే. ఆ షరతు పనికొచ్చింది ఈ ఒక్క అడుగులోనే.

ఈ రుజువు ఏం ముట్టుకుందో కూడా గమనించు. 1, 1+1, 1+1+1... ఈ వరుస తప్ప రింగ్‌లో మరే మూలకాన్నీ అది చూడలేదు. x ని చూడలేదు, x+1 ని చూడలేదు. సిద్ధాంతం ఒకవైపే ఎందుకు నడుస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

చిన్నశేషం
థాంక్యూ మాస్టారూ, రుజువు ఇప్పుడు పట్టుబడింది. కానీ 4 ఎందుకు కాదు అన్నది ఇంకా కొంచెం దురదగానే ఉంది. 1 కలిపితే రెండోసారికి సున్నా వచ్చింది సరే, కానీ x సంగతి? x కి రెండుసార్లు చాలకపోతే?

ఐడియల్ మాస్టారు
x + x = (1+1)x = 0·x = 0. అంతే. 1 కి ఎన్నిసార్లు సరిపోయాయో మిగతా అందరికీ అన్నిసార్లు సరిపోతాయి, ఎందుకంటే ఎవరినైనా 1 తో గుణించి రాసుకోవచ్చు. కాబట్టి నీ ఫీల్డ్‌లో ప్రతి మూలకమూ రెండుసార్లు కలిపితే మాయం. Z/4 లో 1 కి నాలుగుసార్లు పడుతుంది. మూలకాల సంఖ్య ఒకటే అయినా కూడిక పట్టికలు రెండూ వేరు. రెండు పట్టికలూ పక్కపక్కన వేసుకో, నీ ఫీల్డ్ పట్టికలో కర్ణం మొత్తం సున్నాలు ఉంటాయి, Z/4 కర్ణం మీద 0, 2, 0, 2 వస్తాయి.

ఇక వాసు గారి మేట్రిక్స్. M = [[0,1],[1,1]] తీసుకుని లెక్కలన్నీ మాడ్ 2 లో వేయండి. M² వేస్తే [[1,1],[1,0]] వస్తుంది, అది M + I. అంటే M² + M + I = 0, ఇక్కడ x చేసే పని M చేస్తోంది. 0, I, M, M+I ఈ నాలుగు మేట్రిక్సులూ కలిసి శేషం రాసిన ఫీల్డే. M + M వేస్తే ప్రతి గడిలోనూ మాడ్ 2 సున్నా వస్తుంది, x+x = 0 అన్నది కళ్ళకి కనిపిస్తుంది.

ఐగెన్‌వాసు
ఓహో, అయితే M కి నా క్యారెక్టరిస్టిక్ పాలినామియల్ λ²+λ+1 అవుతుంది, పూర్తిగా దారి తప్పలేదన్నమాట 😀

సూటిగా
మాస్టారూ, సగమే నిజం అన్నారు కదా, ఉదాహరణ ఇవ్వండి. Z/2, Z/3, Z/5 అన్నీ డొమైన్లే, Z/4, Z/6 కాదు. నాకైతే రెండువైపులా కరెక్ట్‌గానే కనిపిస్తోంది.

ఐడియల్ మాస్టారు
Z/n ల వరకే చూస్తే రెండువైపులా కరెక్టే అండి. అక్కడ రింగ్ మొత్తం 1 వరుసే, ఇంకేమీ లేదు, అందుకని 1 వరుసని పరీక్షిస్తే అందరినీ పరీక్షించినట్టే. x వచ్చి చేరాక ఆ వెసులుబాటు పోతుంది.

F₂[x]/(x²+1) చూడండి. ఇందులోనూ 0, 1, x, x+1 నాలుగే, 1+1 = 0, క్యారెక్టరిస్టిక్ 2. ఇప్పుడు (x+1)² = x² + 2x + 1 = x² + 1 = 0. x+1 సున్నా కాదు, దాని వర్గం సున్నా. డొమైన్ కాదు. శేషం రాసిన దానికీ దీనికీ కూడిక పట్టిక అక్షరం పొల్లుపోకుండా ఒకటే, తేడా అంతా గుణకారంలో ఉంది. క్యారెక్టరిస్టిక్ చూసేది కూడికని మాత్రమే.

బైట్‌బండి
ఈ దారం నాకు సరిగ్గా టైమ్‌కి దొరికింది. నేను లెక్కల మనిషిని కాదు, ప్రోగ్రామర్‌ని. ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ నేర్చుకుందామని సొంతంగా రాస్తున్నా, 256 మూలకాల ఫీల్డ్ అని ఉంది కదా అని మొదట % 256 తో గుణకారం పెట్టేశా. 2 కి విలోమం ఎంత వెతికినా దొరకలేదు. తర్వాత తెలిసింది Z/256 లో 2×128 = 0 అని, అంటే 2 కి విలోమం ఉండే ప్రశ్నే లేదు. సరే అని పాలినామియల్ పద్ధతికి మారాను, కూడిక అంటే ఎక్సార్, a+a ఎప్పుడూ 0. అది చెక్ చేశా, 256 బైట్లకీ పాస్. అయినా కొన్ని బైట్లకి విలోమాలు దొరకడం లేదు. క్యారెక్టరిస్టిక్ 2 కరెక్ట్‌గా వస్తోంది కదా, ఇంకెక్కడ తప్పు?

ఐడియల్ మాస్టారు
మాడ్యులస్ పాలినామియల్ ఏది పెట్టారు?

బైట్‌బండి
x⁸+1. సింపుల్‌గా ఉంటుందని 0x101 పెట్టా, షిఫ్ట్ చేస్తే బయటికి వచ్చిన బిట్ చుట్టు తిరిగి కిందకి వస్తుంది, కోడ్ కూడా చిన్నది.

ఐడియల్ మాస్టారు
అదే సంగతి. క్యారెక్టరిస్టిక్ 2 లో (a+b)² = a²+b², మధ్య పదం 2ab ఎగిరిపోతుంది. దాన్ని మూడుసార్లు వాడితే x⁸+1 = (x+1)⁸. అంటే మీ రింగ్‌లో x+1 ని ఎనిమిదిసార్లు గుణిస్తే సున్నా. ఇందాకటి x²+1 కథే, కాస్త పెద్ద సైజులో. ఏఈఎస్ వాడేది x⁸+x⁴+x³+x+1, హెక్స్‌లో 0x11B, అది F₂ మీద ఇర్రెడ్యూసిబుల్, కారణాంకాలుగా విడిపోదు. ఇది వేసి చూడండి:

```python
def mul(a, b, m):
    r = 0
    while b:
        if b & 1:
            r ^= a
        a <<= 1
        if a & 0x100:
            a ^= m
        b >>= 1
    return r

print(hex(mul(0x11, 0x11, 0x101)))  # 0x0
print(hex(mul(0x11, 0x11, 0x11B)))  # 0x1a
print(hex(mul(0x53, 0xCA, 0x11B)))  # 0x1
```

0x11 అంటే x⁴+1, దాని వర్గం x⁸+1. మొదటి లైన్‌లో అది సున్నా అయిపోయింది, రెండో లైన్‌లో కాలేదు. మూడో లైన్‌లో 0x53, 0xCA ఒకదానికొకటి విలోమాలు.

మీ a+a చెక్ పాస్ అవడంలో వింత లేదు. 0x101 పెట్టినా, 0x11B పెట్టినా, నోటికొచ్చిన ఎనిమిదో డిగ్రీ పాలినామియల్ పెట్టినా అది పాసే అవుతుంది. ఫీల్డ్ అవునో కాదో తెలియాలంటే గుణకారాన్ని పరీక్షించాలి. 256 మూలకాలే కాబట్టి సున్నా కాని ప్రతి జతనీ గుణించి ఎక్కడైనా 0 వస్తోందా అని రెండు లూపులు తిప్పేయండి. ఎక్కడా రాకపోతే డొమైన్, పరిమితమైన డొమైన్ ఎప్పుడూ ఫీల్డే కాబట్టి విలోమాలు వాటంతటవే ఉంటాయి.

బైట్‌బండి
తిప్పా. 0x101 తో బోలెడన్ని సున్నాలు, 0x11B తో ఒక్కటీ లేదు. థాంక్స్ సార్. ఒక డౌట్, ఏఈఎస్‌లోనే మిక్స్‌కాలమ్స్ అనే స్టెప్‌లో మాడ్యులస్ x⁴+1 అని ఉంది. అది (x+1)⁴ కదా, మరి అక్కడ ఎలా ఒప్పుకున్నారు?

ఐడియల్ మాస్టారు
మంచి చోట పట్టుకున్నారు. అక్కడ కోఎఫిషియెంట్లు 256 మూలకాల ఫీల్డ్ నుంచి వస్తాయి, కోషెంట్ డొమైన్ కాదు, క్యారెక్టరిస్టిక్ మాత్రం అక్కడా 2 నే. కాకపోతే అక్కడ ప్రతి మూలకానికీ విలోమం అక్కర్లేదు, గుణించేది ఒక్క స్థిరమైన పాలినామియల్‌తోనే, 03x³+01x²+01x+02. దానికి విలోమం ఉంటే డీక్రిప్షన్ నడుస్తుంది. మాడ్యులస్ (x+1)⁴ కాబట్టి x = 1 దగ్గర విలువ సున్నా కాకపోతే చాలు. 03, 01, 01, 02 నాలుగింటినీ ఎక్సార్ చేస్తే 01. బతికిపోయింది.

నల్లబల్ల
మాస్టారు అన్నీ 1 మీద కట్టేస్తున్నారు. నేను పాఠం చెప్పే పుస్తకంలో రింగ్‌కి 1 ఉండాలన్న నియమమే లేదు. అక్కడి నిర్వచనం, ప్రతి a కీ na = 0 అయ్యే అతి చిన్న ధన పూర్ణాంకం n. 2Z లో 1 ఎక్కడుంది? అలాంటి చోట మీ రుజువు నిలబడదు. పిల్లలకి 1 తో మాత్రమే నేర్పిస్తే పరీక్షలో ఆ నిర్వచనం వచ్చినప్పుడు తడబడతారు.

ఐడియల్ మాస్టారు
నిర్వచనం అలా ఉన్నా ఫలితం చెడదండీ, రుజువుని కొంచెం తిప్పాలి అంతే. శూన్య భాజకాలు లేవు అనుకోండి, సున్నా కాని ఒక a కి na = 0 అయింది అనుకోండి. ఏ b తీసుకున్నా a(nb) = (na)b = 0. a సున్నా కాదు, కాబట్టి nb = 0. ఒక్కరికి సరిపోయిన n అందరికీ సరిపోయింది, 1 లేకుండానే. ఆ n అతి చిన్నది, n = rs అయితే (ra)(sa) = n·a² = 0, కాబట్టి ra గానీ sa గానీ సున్నా, ఇప్పుడే అన్న మాట ప్రకారం r గానీ s గానీ అందరికీ సరిపోతుంది, అది n కంటే చిన్నదైతే కుదరదు. మళ్ళీ ప్రైమే.

నల్లబల్ల
రుజువు ఒప్పుకుంటున్నా. కానీ 1 లేని రింగ్‌ని డొమైన్ అని పిలవాలా వద్దా అన్నది వేరే సంగతి, నేను పిలవను.

చిన్నశేషం
నేను ఈలోపు x²+1 నే వేరే వేరే ఫీల్డ్‌ల మీద వేసి చూశాను. F₃ మీద 0 పెడితే 1, 1 పెడితే 2, 2 పెడితే 5 అంటే 2, ఎక్కడా సున్నా రాలేదు, రెండో డిగ్రీ కాబట్టి విడిపోదు, F₃[x]/(x²+1) తొమ్మిది మూలకాల ఫీల్డ్. F₅ మీద అయితే 2 పెడితే 5, సున్నా. (x+2)(x+3) = x²+5x+6 = x²+1. అంటే F₅[x]/(x²+1) లో x+2, x+3 రెండూ సున్నా కావు, లబ్ధం సున్నా. క్యారెక్టరిస్టిక్‌లు 2, 3, 5 అని వచ్చాయి, మూడూ ప్రైమ్‌లే, డొమైన్ మాత్రం మధ్యదొక్కటే.

అయితే తొమ్మిది మూలకాల దానిలో ఒక చోట తికమక పడ్డా. (1+x)² = 1+2x+x² = 2x వచ్చింది. దాన్ని మళ్ళీ వర్గం చేస్తే 4x² = −4 = 2. మళ్ళీ చేస్తే 4 = 1. అంటే ఎనిమిదోసారికి 1 వచ్చింది. మరి ఈ 8 కీ క్యారెక్టరిస్టిక్ 3 కీ ఏం సంబంధం? 8 ప్రైమ్ కాదు కదా?

సూటిగా
బ్రో, నువ్వు గుణిస్తున్నావు. క్యారెక్టరిస్టిక్ కలిపితే వచ్చేది. 1+x ని మూడుసార్లు కలుపు, 3+3x, అది 0. ఎనిమిదంటే సున్నా కాని మూలకాల సంఖ్య, 9−1. దానికి ప్రైమ్ అవ్వాల్సిన పనే లేదు.

ఐడియల్ మాస్టారు
సూటిగా చెప్పారు. శేషం వేసిన మూడు లెక్కలే ఈ దారంలో అసలు సరుకు. x²+1 అనే ఒకే పాలినామియల్ 2 దగ్గర వర్గంగా ముడుచుకుపోయింది, 3 దగ్గర విడిపోలేదు, 5 దగ్గర రెండుగా విడిపోయింది. Z[i] ని 2, 3, 5 లతో మాడ్ చేస్తే వచ్చేవి కూడా ఇవే మూడు రింగ్‌లు.

చిన్నశేషం
ఏ పాలినామియల్ పెట్టినా క్యారెక్టరిస్టిక్ మారట్లేదు. ఇది ఎప్పుడూ అంతేనా లేక నేను తీసుకున్నవాటికి అలా కుదిరిందా?

ఐడియల్ మాస్టారు
ఫీల్డ్ మీద అయితే దాదాపు ఎప్పుడూ అంతే. ఒక రింగ్ నుంచి ఇంకో రింగ్‌కి 1 ని 1 కి పంపే హోమోమార్ఫిజమ్ ఉంటే, మొదటి దానిలో n·1 = 0 అయినప్పుడు రెండోదానిలోనూ అది 0 కావాల్సిందే. అంటే రెండోదాని క్యారెక్టరిస్టిక్ మొదటిదాని క్యారెక్టరిస్టిక్‌ని భాగిస్తుంది. F_p[x] ది p. కోషెంట్‌ది p ని భాగించాలి, కాబట్టి p గానీ 1 గానీ. 1 అంటే 1 = 0, రింగ్ మొత్తం ఒక్క సున్నాయే. అలా జరగాలంటే నువ్వు మాడ్ చేసిన పాలినామియల్ సున్నా కాని స్థిరాంకం అయ్యుండాలి. డిగ్రీ 1 కానీ అంతకంటే ఎక్కువ కానీ ఉంటే 1 సురక్షితం, క్యారెక్టరిస్టిక్ p దగ్గరే ఉంటుంది. అసలు సున్నాతో మాడ్ చేస్తే F_p[x] అలాగే మిగులుతుంది, అదీ p నే, పైగా అది అనంతమైన డొమైన్. క్యారెక్టరిస్టిక్ p అంటే పరిమితమైన రింగ్ అనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

ఎప్పటికీ సున్నా రాని దానికి ∞ అనకుండా 0 అని పెట్టుకోవడానికి కారణం కూడా ఇదే. ప్రతి సంఖ్యా 0 ని భాగిస్తుంది, కాబట్టి Z నుంచి Z/7 కి వెళ్ళినా ఈ భాగించడం అనే నియమం తప్పదు.

నల్లబల్ల
శూన్య రింగ్‌కి క్యారెక్టరిస్టిక్ 1 అని నేర్పిస్తే పిల్లలు 1 కూడా ప్రైమేనా అని అడుగుతారు. నేను దాన్ని రింగ్ చర్చలోంచే తీసేస్తాను.

ఐడియల్ మాస్టారు
తీసేస్తే పైన చెప్పిన నియమానికి ప్రతిసారీ ఒక మినహాయింపు రాయాలి. శూన్య రింగ్‌లో 1 = 0, డొమైన్‌లో అది నిషేధం, కాబట్టి సిద్ధాంతానికి అడ్డు రాదు. మీ ఇష్టం.

గుణిజం
చాలా సేపటి నుంచి చదువుతున్నా. మాస్టారు "ఫీల్డ్ మీద అయితే" అన్నారు, ఆ షరతు తీసేస్తే సరదాగా ఉంటుంది. Z/6 మీద 2x−1 తో మాడ్ చేయండి. అంటే 2x = 1 అని ప్రకటించినట్టు. రెండువైపులా 3 తో గుణిస్తే ఎడమ 6x = 0, కుడి 3. కాబట్టి 3 = 0. క్యారెక్టరిస్టిక్ 6 నుంచి 3 కి పడిపోయింది! F₃ మీద 2x = 1 అంటే x = 2, మిగిలింది F₃ ఒక్కటే, మొదలైంది డొమైన్ కాని రింగ్, తేలింది ఫీల్డ్.

ఇదే Z/4 మీద చేయండి. 2x = 1, రెండుతో గుణిస్తే 4x = 0 = 2, అంటే 2 = 0, దాన్ని మళ్ళీ 2x = 1 లో పెడితే 0 = 1. రింగ్ మొత్తం కూలిపోయింది, ఒకటో డిగ్రీ పాలినామియల్‌తోనే.

సూటిగా
ఇదేం దారుణం. x²+x+1 ని Z/4 మీద వేస్తే కూడా కూలుతుందా?

గుణిజం
కూలదు. అక్కడ x² కోఎఫిషియెంట్ 1, కాబట్టి మామూలుగా భాగించి శేషం తీసుకోవచ్చు, a+bx రూపంలో 16 మూలకాలు మిగులుతాయి, క్యారెక్టరిస్టిక్ 4 గానే ఉంటుంది. 2×2 = 0 కాబట్టి డొమైన్ కాదు. మాడ్ 2 లో ఆ పాలినామియల్ విడిపోకపోయినా లాభం లేదు, 1 వరుసలోనే శూన్య భాజకం కూర్చుని ఉంది కదా. మొత్తాన్ని 2 తో మాడ్ చేస్తే శేషం మొదట అడిగిన నాలుగు మూలకాల ఫీల్డ్ వస్తుంది, 4 కాస్తా 2 అవుతుంది. 2x−1 లో మొదటి కోఎఫిషియెంట్ 2, దానికి విలోమం లేదు, భాగహారమే నడవదు, గొడవంతా అక్కడ మొదలైంది.

చిన్నశేషం
మొదటి కోఎఫిషియెంట్‌కి విలోమం లేకపోతే ప్రతిసారీ క్యారెక్టరిస్టిక్ పడిపోతుందా? Z/4 మీద 2x+2 తో వేసి చూశా, 2(x+1) కదా అది, x స్థానంలో −1 పెడితే సున్నా అవుతుంది, అంటే ఈ కోషెంట్ నుంచి Z/4 కి ఒక మ్యాప్ దొరికింది. మాస్టారు చెప్పిన నియమం ప్రకారం 4 దీని క్యారెక్టరిస్టిక్‌ని భాగించాలి, అదేమో 4 ని భాగించాలి, కాబట్టి 4 నే. పడిపోలేదు. మరి ఏ f కి పడుతుంది, ఏ f కి పడదు?

గుణిజం
n ప్రైమ్ పవర్ అయినప్పుడు రింగ్ మొత్తం కూలేది ఎప్పుడో చెప్పగలను, f ని ఆ ప్రైమ్‌తో మాడ్ చేస్తే సున్నా కాని స్థిరాంకం మిగిలినప్పుడు. 2x−1 మాడ్ 2 లో 1, అందుకే కూలింది. సగంలో ఆగే సందర్భాలూ ఉన్నాయి, Z/4 మీద f = 2 అనే స్థిరాంకం పెడితే 4 నుంచి 2 కి దిగి F₂[x] దగ్గర ఆగుతుంది. Z/8 మీద 2x+4 లాంటివి వేసి చూస్తున్నా, f ని చూడగానే చెప్పగలిగే సులువైన నియమం ఇంకా చేతికి రాలేదు. ఎవరైనా ప్రయత్నిస్తే ఇక్కడే పెట్టండి.

బైట్‌బండి
n, f ఇస్తే లెక్కేసే కోడ్ నేను రాస్తా, Z/8 మీద మూడో డిగ్రీ దాకా అన్నీ వరుసగా తిప్పి పట్టిక పెడతా. నియమం మీరు వెతుక్కోండి.